చివరి సున్నా ఎక్కడ పోయింది?

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మిన రైతు చేతికి తక్‌పట్టీ వస్తుంది. బస్తాలెన్ని, తూకమెంత, క్వింటాకు ధరెంత అన్నీ వరుసగా ఉండి, మొత్తం మాత్రం కుడివైపు చివరి గడిలో పడుతుంది. 9.4 క్వింటాళ్లు, క్వింటాకు 14,500 చొప్పున 1,36,300 రూపాయలు అనుకుందాం. ఆ పట్టీ పీడీఎఫ్‌గా వాట్సాప్‌లో వచ్చింది. జిరాక్స్ సెంటర్‌లో ప్రింటు తీస్తే చివరి గడిలో 1,36,30 అనే ఉంది. గడి గీత లేదు, దాని పక్క సున్నా లేదు. ఫోన్లో చూస్తే రెండూ ఉన్నాయి.

తప్పు ఫైలుదీ కాదు, ప్రింటరుదీ కాదు. రెండూ రెండు కాగితాలను మనసులో పెట్టుకున్నాయి. మన దగ్గర ట్రేలో ఉండేది ఎ4: 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 పొడవు. అమెరికాలో వాడేది లెటర్: 215.9 వెడల్పు, 279.4 పొడవు. కంప్యూటర్‌లో ప్రాంతం అమెరికా అని ఉండిపోతే, వర్డ్ లాంటి ప్రోగ్రాములు కొత్త పేజీని లెటర్ సైజులోనే తెరుస్తాయి. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి టైపు చేసేవారికి అనుమానమే రాదు.

ఇప్పుడు కోత లెక్క చూద్దాం. లెటర్ పేజీ ఎ4 కన్నా 5.9 మి.మీ. వెడల్పు. పేజీని కాగితం మధ్యలో పెడితే ఒక్కో పక్క సుమారు 3 మి.మీ. బయటికి పోతుంది. దీని మీద ఇంకో నష్టం ఉంది. మామూలు ఆఫీసు ప్రింటరు కాగితం అంచుదాకా అచ్చు వేయదు; చాలా లేజర్ ప్రింటర్లు నాలుగు వైపులా దాదాపు 4.2 మి.మీ. వదిలేస్తాయి. రెండూ కలిపితే ఒక్కో పక్క 7 మి.మీ.కు కొంచెం పైనే. మామూలు ఉత్తరానికి అంగుళం, అంటే 25.4 మి.మీ., మార్జిన్ ఉంటుంది కాబట్టి ఏమీ తెగదు. తక్‌పట్టీలాంటి పట్టికను మాత్రం ఎక్కువ గడులు పట్టాలని అంచుకు 4 మి.మీ. దూరం దాకా లాగుతారు. అక్కడ 3 మి.మీ. మేర తెగుతుంది. 10 పాయింట్ల అక్షరంలో ఒక అంకె వెడల్పు దాదాపు 2 మి.మీ. గీతతో పాటు సున్నా పోవడానికి అది చాలు.

ప్రింటు కొట్టేముందు ఫైలు ఏ సైజో చూసుకోవచ్చు. అక్రోబాట్‌లో ఫైలు ప్రాపర్టీస్‌లో Page Size అని ఉంటుంది. లినక్స్ వాడేవారికి ఇంత చాలు:

```
pdfinfo takpatti.pdf
```

జవాబులో 612 x 792 అని వస్తే లెటర్, 595 x 842 దగ్గర్లో వస్తే ఎ4. ఈ అంకెలు పాయింట్లు; అంగుళానికి 72.

లెటర్ అని తేలితే, ప్రింటు పెట్టెలో Actual size బదులు Fit ఎంచుకుంటే సున్నా తిరిగొస్తుంది. Fit చేసేది చిన్న భాగహారమే. ఎ4లో అచ్చు పడే వెడల్పు 201.6, దాన్ని 215.9తో భాగిస్తే 0.934. పొడవుకు 288.6ను 279.4తో భాగిస్తే 1.033. రెంటిలో చిన్నదాన్నే తీసుకోవాలి, లేకపోతే వెడల్పు పట్టదు. కాబట్టి పేజీ మొత్తం 93.4 శాతానికి తగ్గుతుంది, 10 పాయింట్ల అక్షరం 9.3 అవుతుంది. కంటికి తేడా తెలియదు. గుర్తుపట్టాలంటే తెల్లజాగా చూడాలి: పేజీ పక్కలకు అంచుదాకా వస్తుంది గానీ, పైనా కిందా 18 మి.మీ. చొప్పున అదనంగా ఖాళీ మిగులుతుంది.

ఇంత సుఖంగా ఉంది కదా అని ఎప్పుడూ Fit పెట్టి ఉంచడం నాకు నచ్చదు. ఎ4 ఫైలును ఎ4 కాగితం మీద వేసినా అది తగ్గిస్తుంది. 201.6ను 210తో భాగిస్తే 0.96. తక్‌పట్టీకి దీనివల్ల నష్టం లేదు. పొలం నక్షాకు ఉంది.

1:1000 స్కేలులో గీసిన నక్షాలో 100 మి.మీ. గీత అంటే నేల మీద 100 మీటర్లు. Fit పెట్టిన ప్రింటులో ఆ గీత 96 మి.మీ. వస్తుంది. నిడివి 4 శాతమే తగ్గింది, కానీ విస్తీర్ణంలో ఆ తగ్గుదల రెండు దిక్కులా పడుతుంది: 0.96ను 0.96తో గుణిస్తే 0.92. ఆ కాగితం మీద స్కేలు పెట్టి కొలిచినవారికి 40 గుంటల ఎకరం 37 గుంటలకు కొంచెం తక్కువగా తేలుతుంది. మూడు గుంటల తేడా వస్తే గట్టు తగాదాకు ఇంకేం కావాలి!

నక్షాను Actual size లోనే, అంటే 100 శాతంలోనే తీయాలి. అంచు తెగేటట్టుంటే ఎ3 మీద తీయించుకోవాలి. తీశాక కొలత తెలిసిన గీత ఒకటి స్కేలుతో సరిచూడాలి. మూలలో గీసిన కొలబద్ద ఉంటే మరీ మంచిది: ప్రింటును ఎంత కుదిస్తే అదీ అంతే కుదించుకుపోతుంది, దానితో పోల్చి కొలిస్తే లెక్క తప్పదు. 1:1000 అని అక్షరాల్లో రాసింది మాత్రం ఎంత కుదించినా 1:1000 అనే చెబుతూ ఉంటుంది.