పేరొక్కటే పంపితే ఏ పాట?

తెలుగు లిపి చదవలేని పిల్లల కోసం పాటను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిమ్మని విదేశాల్లోని తల్లిదండ్రులు అడుగుతుంటారు. పంపేది మాత్రం పేరొక్కటే: ‘నగుమోము’. ఆ మాటతో మొదలయ్యే త్యాగరాజ కీర్తనలు కనీసం రెండున్నాయి. ‘నగుమోము గనలేని’ ఆభేరి రాగం, ‘నగుమోము గలవాని’ మధ్యమావతి. సాహిత్యం పూర్తిగా వేరు. ఊహించి రాసిస్తే బిడ్డ కోరని కీర్తన నేర్చుకుంటుంది. అందుకే రాగం, చరణంలోని మొదటి మాటలు అడగాలి. పుస్తకంలోని ఆ పేజీ ఫొటో పంపితే ఇంకా మేలు. పాఠం ఎదురుగా ఉంటేనే దీర్ఘాలు నిలుస్తాయి. ‘గలవాని’ని galavani అని రాస్తే ‘వా’ దీర్ఘం కనిపించదు. Galavāni అని అక్షరంపై గీత పెట్టాలి. లేకుంటే తెలుగు రాని బిడ్డ ‘గలవని’ అని పాడుతుంది, అర్థమే మారిపోతుంది.