ఆసుపత్రిలో బాణపు గుర్తుల పరిశీలన

ఆసుపత్రి పలకలపై పైకి చూపే బాణానికి సాధారణంగా "నేరుగా ముందుకు" అని అర్థం. అదే బాణాన్ని "పై అంతస్తు"కు కూడా వాడితే, ఎక్స్‌రే గదికి వెళ్లవలసిన రోగి అనవసరంగా మెట్లెక్కుతాడు. అంతస్తు మారే చోట మెట్ల బొమ్మ, అంతస్తు సంఖ్య ఉండాలి. గేటు వద్ద ఎక్స్‌రేకు ఎముక బొమ్మ వేస్తే గది తలుపుపైనా అదే ఉండాలి.

ఆవరణ ఎరుగని వ్యక్తిని గేటు నుండి ఎక్స్‌రే గది వరకు ఒంటరిగా నడవనిచ్చి, అతడు ఆగిన చోట్లను పరిశీలకులు రాసుకోవాలి. మలుపులో తడబడితే బాణాన్ని అనుమానించాలి. పలకను సమీపించి చదివితే అక్షరం చిన్నదని గ్రహించాలి. 10 మీటర్ల దూరానికి సుమారు 40 మిల్లీమీటర్ల ఎత్తు కావాలి. తెలుగులో ఈ కొలతను ఒత్తును విడిచి, పై అక్షరానికే తీయాలి. ఒత్తుతో కలిపి కొలిస్తే అసలు అక్షరం కుదించుకుపోతుంది.