పెచ్చులూడిన గోడ, తిరగరాసిన ఉత్తరం

హైదరాబాదులో ఓ అపార్టుమెంటు రెండో అంతస్తు అనుకుందాం. వానలు మొదలైన దగ్గర్నుంచి పడగ్గది పైకప్పులోంచి నీళ్లు దిగుతున్నాయి. గోడ పెచ్చులూడి మంచం మీద పడుతోంది. ఫోన్లు చేసి విసిగిపోయిన అద్దెదారు ఓ రాత్రి కాగితం ముందేసుకున్నాడు.

"అద్దె ఒక్కరోజు ఆలస్యమైతే నాలుగు ఫోన్లు చేస్తారు. మేం రెండు నెలలుగా మొత్తుకుంటున్నా మీ చెవికెక్కదు. ఇది ఇల్లా, గొడ్ల చావిడా? బాగు చేయించేదాకా పైసా అద్దె ఇవ్వను. ఏం చేసుకుంటారో చేసుకోండి."

కోపం న్యాయమైనదే. కానీ ఏ గది, ఎప్పట్నుంచి, ఏం చేయించాలి అన్నవి ఇందులో ఎక్కడా లేవు. ఓనరు జవాబిస్తే గొడ్ల చావిడి మాటకే ఇస్తాడు, కారుతున్న కప్పు సంగతి పక్కకుపోతుంది. ఇంకా ప్రమాదం చివరి వాక్యాలు. అద్దె ఆపేయడమంటే, ఖాళీ చేయించడానికి కారణాన్ని ఓనరు చేతికి మనమే అందించడం.

మర్నాడు అదే ఉత్తరం ఇలా మారింది.

"అయ్యా, నమస్కారం. మీ ఫ్లాటు పడగ్గదిలో తూర్పు గోడ పైభాగం జూన్ 12 నుంచి కారుతోంది. ఆ రోజే ఫోనులో చెప్పాను. జులై 3న ఫొటోలు వాట్సాప్‌లో పంపాను. ఇప్పుడు చెమ్మ స్విచ్‌బోర్డు దాకా వచ్చింది, షాకు కొడుతుందని భయంగా ఉంది. మన అగ్రిమెంటు 7వ షరతు ప్రకారం ఇలాంటి మరమ్మతు మీది. దయచేసి ఆగస్టు 20లోగా చేయించండి. మేస్త్రీ ఎప్పుడొచ్చినా ఇంట్లో ఉంటాం. ఆలోగా వీలుకాకపోతే, జతచేసిన కోటేషన్ ప్రకారం నేనే చేయించి, బిల్లు మీకిచ్చి, ఆ మొత్తాన్ని అద్దెలో మినహాయించుకుంటాను. ఆగస్టు అద్దె 1వ తేదీనే జమ చేశాను."

మెత్తగా ఉన్నా ఇది బతిమాలే ఉత్తరం కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ దీనికి దన్ను. ఓనరు చేయించాల్సిన మరమ్మతును, నోటీసు అందాక తగినంత సమయంలో చేయించకపోతే, అద్దెదారు తానే చేయించుకుని ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. నోటీసు ఇచ్చామనడానికి తేదీలు, సమయం ఇచ్చామనడానికి గడువు ఉత్తరంలో కనబడాలి.

మెలిక ఒకటుంది. ఒప్పందంలో వేరే మాట ఉంటే ఈ వెసులుబాటు వర్తించకపోవచ్చు. పదకొండు నెలల అగ్రిమెంట్లలో "మరమ్మతులన్నీ అద్దెదారువే" అన్న వాక్యం దూరితే మినహాయింపు మాట నిలవడం కష్టం. అందుకే కలం పట్టేముందు అగ్రిమెంటు తిరగేయాలి. ఉత్తరాన్ని వాట్సాప్‌తో పాటు స్పీడ్ పోస్టులోనూ పంపి, రసీదు దాచుకోవాలి.

మొదటి ఉత్తరంలోని నాలుగు ఫోన్ల దెప్పిపొడుపు రెండోదాంట్లో లేదు. ఆ చోట అద్దె కట్టిన తేదీ ఉంది.