సంక్రాంతి ప్రకటనలో కస్టమర్ మాట

పండక్కి నెల ముందు నుంచే పిండివంటల షాపులు ప్రకటనలకు దిగుతాయి. అరిసెల ఫొటో, దాని కింద నలుగురు కస్టమర్ల మాటలు. ఆ మాటల కోసం పాత వాట్సాప్ మెసేజ్‌లు వెతికేటప్పుడు ముందు "సూపర్", "అదుర్స్" లాంటివే కళ్లకు కనబడతాయి. వాటిని పక్కన పెట్టేయాలి. ఏ షాపుకైనా అతికే మాటను ఎవరూ నమ్మరు. ఏం కొన్నారో, ఎవరు తిన్నారో, ఏం జరిగిందో చెప్పే మెసేజ్ కావాలి.

ఒకావిడ ఇలా పంపారనుకుందాం: "అరిసెలు బావున్నయండి మా అత్తయ్యగారు రెండు తిని ఇంకోటి అడిగేరు పార్సిలు ఒక రోజు లేటు ఐంది కాని ఒక్కటీ విరగలేదు సున్నుండలు కొంచం తీపెక్కువ."

అచ్చులో ఇలా వస్తుంది: "అరిసెలు బావున్నాయండి. మా అత్తయ్యగారు రెండు తిని ఇంకోటి అడిగేరు. పార్సిల్ ఒకరోజు లేటైంది కానీ ఒక్కటీ విరగలేదు."

చుక్కలు పెట్టాం, అక్షరదోషాలు దిద్దాం. 'అడిగేరు'ను 'అడిగారు' చేయలేదు, అది ఆవిడ యాస. వచ్చిన మాటలన్నిటినీ ఒకే తీరులో చక్కదిద్దితే నలుగురూ ఒకే మనిషిలా వినిపిస్తారు, చదివేవాళ్లకు అనుమానం అక్కడే మొదలవుతుంది.

మరి సున్నుండల మాట తీసేయొచ్చా? ప్రకటన అరిసెలకే అయితే తీసేయొచ్చు. రెండూ కలిపిన గిఫ్ట్ బాక్స్‌కైతే ఆ వాక్యం ఉంచాలి, లేదంటే ఆ మెసేజే వాడకూడదు. ఆలస్యం సంగతి అచ్చు వేయడానికి షాపువాళ్లు జంకుతారు. ఉంచమనే నేనంటాను. ఆ చిన్న లోటు కనబడుతున్నందుకే 'ఒక్కటీ విరగలేదు' అన్నది నమ్మబుద్ధవుతుంది. పైన "చెప్పిన రోజుకే డెలివరీ" అని వేసుకుని కింద ఆ ముక్క కత్తిరిస్తే మాత్రం అది మోసమే.

ఎక్కువగా తప్పు జరిగేది పండగ రంగు అద్దేటప్పుడు. ఆవిడ జూలైలో రాసిన మెసేజ్‌కి ముందు "ఈ సంక్రాంతికి" అని తగిలిస్తారు. ముగ్గులు, గొబ్బెమ్మలు, కొత్త అల్లుళ్ల ముచ్చట్లు షాపు తన శీర్షికలో తన మాటగా చెప్పుకోవచ్చు. కస్టమర్ నోట పెట్టకూడదు. పైగా అప్పుడు నేతిలో వేయించి ఇప్పుడు నూనెలో వేయిస్తుంటే, ఆ మెప్పు ఇప్పటి అరిసెలకు చెల్లదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో తెచ్చిన మార్గదర్శకాలు కూడా, సిఫారసు అనేది మనిషి నిజమైన, ఇప్పటికీ వర్తించే అభిప్రాయం అయివుండాలంటాయి. డబ్బా ఉచితంగా ఇచ్చి రాయించుకుంటే ఆ సంగతి పక్కనే చెప్పాలి. "నాన్నగారికి షుగరున్నా ఏం కాలేదు" లాంటివి ఎంత నిజంగా రాసినా వేయకూడదు. అచ్చులో అది ఆరోగ్యం గురించి హామీ అయిపోతుంది.

దిద్దిన వాక్యాలను ఆవిడకే తిరిగి పంపి, "ఇలా వేసుకోవచ్చాండీ? పేరూ ఊరూ పెట్టమంటారా?" అని అడగాలి. ఊరు చాలు, పేరొద్దంటే పేరు తీసేయాలి. అసలు మెసేజ్, ఆవిడ ఒప్పుకున్న జవాబు రెండూ దాచుకోవాలి. రేపెవరైనా నిలదీస్తే చూపించడానికి షాపు చేతిలో ఉండేవి అవే.