బిల్లు ఫొటో నుంచి ఎక్సెల్ టేబుల్: చదవడం ఫోన్ పని, సరిచూడటం మన పని

తెనాలిలో మా బాబాయికి మెడికల్ షాప్ ఉంది. వారానికి రెండు మూడుసార్లు డిస్ట్రిబ్యూటర్ దగ్గర నుంచి సరుకు, దాంతో పాటు ఒక పల్చటి బిల్లు వస్తాయి. ఏ మందు ఎప్పుడు ఎక్స్‌పైర్ అవుతుందో తెలియాలంటే ఆ బిల్లులన్నీ ఒక షీట్‌లో ఉండాలి. "ఏరా, ఫొటో పంపితే అదే టేబుల్ అయిపోతుందంట కదా?" అని అడిగాడు. అవుతుంది బాబాయ్ అన్నాను. 14 ఐటమ్స్ ఉన్న బిల్లు పంపాడు. నాకు 16 వరుసల టేబుల్ వచ్చింది.

అక్కడి నుంచి సరైన టేబుల్ దాకా ఎలా వెళ్లామో చూద్దాం.

ముందు ఫొటో

మొదటి ఫొటో వాట్సాప్‌లో మామూలుగా వచ్చింది. అలా పంపితే ఫొటో కంప్రెస్ అవుతుంది. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌లో కొట్టిన కార్బన్ కాపీలో అంకెలు ముందే మసకగా ఉంటాయి, కంప్రెస్ అయ్యాక 3, 8 ఒకేలా కనిపిస్తాయి. అందుకే రెండోసారి అదే ఫొటోని డాక్యుమెంట్‌గా పంపమన్నాను. బిల్లుని బల్ల మీద పరిచి, మడతలు సాఫు చేసి, ఫ్లాష్ ఆపి, ఫోన్‌ని కాగితానికి సమాంతరంగా పట్టుకుని తీస్తే చాలు. ఏటవాలుగా తీస్తే వరుసలు వంగిపోయి, ఒక ఐటమ్ రేటు పక్క ఐటమ్‌కి వెళ్లే ప్రమాదం ఉంది.

డిస్ట్రిబ్యూటర్ పీడీఎఫ్ గానీ సీఎస్‌వీ గానీ ఇస్తానంటే మాత్రం ఫొటో జోలికి వెళ్లొద్దు. అది ఎప్పుడూ మెరుగే.

టేబుల్‌గా మార్చడం

ఎక్సెల్ మొబైల్ యాప్‌లో Data From Picture అనే ఆప్షన్ ఉంది. కెమెరా ఓపెన్ అయ్యాక ఎర్ర బోర్డర్ లోపల ఐటమ్స్ ఉన్న భాగం మాత్రమే పట్టేలా చూడండి. షాప్ అడ్రస్, జీఎస్‌టీ నంబర్, కింద సంతకం అన్నీ లోపలికి వస్తే కాలమ్స్ చెదిరిపోతాయి. తర్వాత రివ్యూ స్క్రీన్‌లో యాప్‌కి అనుమానం ఉన్న సెల్స్‌ని హైలైట్ చేసి చూపిస్తుంది. ఒక్కోటి చూసి సరిచేయాలి. ఇక్కడ తొందరపడి అన్నీ ఒకేసారి దాటేస్తే ఇంత పని చేసిన లాభం ఉండదు. ఇంకో మాట, అనుమానం లేకుండా తప్పు చదివిన సెల్స్ ఈ హైలైట్‌లో రావు. వాటిని పట్టుకోవడమే అసలు పని.

16 వరుసలు ఎందుకొచ్చాయో చూస్తే, రెండు మందుల పేర్లు పొడవుగా ఉండి రెండో లైన్‌కి మడిచి ప్రింట్ అయ్యాయి. ఆ రెండో లైన్‌ని యాప్ కొత్త ఐటమ్ అనుకుంది. కాబట్టి మొట్టమొదట బిల్లులో చివరి సీరియల్ నంబర్ ఎంతో, టేబుల్‌లో వరుసలు ఎన్నో పోల్చండి. తర్వాత Free కాలమ్ చూడండి. చాలా ఐటమ్స్‌కి అది ఖాళీగా ఉంటుంది. ఖాళీని వదిలేసి రేటు ఎడమకి జరిగి కూర్చున్న వరుసలు నాకు మూడు దొరికాయి.

బిల్లే తనిఖీ చేసుకుంటుంది

బిల్లులో మంచి విషయం ఏంటంటే, అందులో అంకెలు ఒకదాన్నొకటి సాక్ష్యం చెబుతాయి. క్వాంటిటీని రేటుతో గుణించి, డిస్కౌంట్ తీసేస్తే ఆ వరుస అమౌంట్ రావాలి. నా షీట్‌లో D క్వాంటిటీ, F రేటు, G డిస్కౌంట్ శాతం, H బిల్లులో ఉన్న అమౌంట్. పక్కన I కాలమ్‌లో ఇది పెట్టి కిందికి లాగాను:

```
=ROUND(D2*F2*(1-G2/100)-H2,2)
```

సున్నా వస్తే వరుస ఓకే. ఏడో వరుసలో -47.5 వచ్చింది. క్వాంటిటీ 10, రేటు 33.50, డిస్కౌంట్ 5 శాతం, అమౌంట్ 365.75. తేడా 47.50ని 10తో భాగించి, మళ్లీ 0.95తో భాగిస్తే సరిగ్గా 5 వస్తుంది. అంటే రేటు 5 రూపాయలు తక్కువ చదివింది. ఫొటో జూమ్ చేస్తే అది 38.50. యాప్ దీన్ని హైలైట్ చేయలేదు. ఇంకో వరుసలో తేడా వేలల్లో వచ్చింది, అక్కడ 112.40లో చుక్క మాయమై 11240 అయింది.

వరుసలన్నీ సున్నా అయ్యాక మొత్తం చూడాలి. బిల్లు కింద పన్నుకి ముందు మొత్తం 6,842.60 అని ఉంది:

```
=ROUND(SUM(H2:H15)-6842.60,2)
```

సున్నా వస్తుందనుకుంటే -1124 వచ్చింది. వరుసలన్నీ సరిగ్గా ఉన్నాయి, మొత్తం మాత్రం తప్పు! కాసేపు బుర్ర గోక్కున్నాక అర్థమైంది. ఒక ఐటమ్ అమౌంట్ సరిగ్గా 1,124.00. అది సెల్‌లో నంబర్‌గా కాకుండా టెక్స్ట్‌గా పడింది. తీసివేతలో ఎక్సెల్ టెక్స్ట్‌ని నంబర్‌గా మార్చుకుంటుంది కాబట్టి వరుస చెక్‌లో దొరకలేదు. SUM మాత్రం టెక్స్ట్ సెల్‌ని చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. సెల్‌లో అంకె ఎడమ వైపు అతుక్కుని ఉంటే అనుమానించండి. ఆ సెల్‌ని నంబర్‌గా మళ్లీ టైప్ చేస్తే తేడా పోయింది.

చివరిగా పన్ను. బిల్లులో అన్నీ 5 శాతం ఐటమ్సే, అంటే సీజీఎస్‌టీ 171.07, ఎస్‌జీఎస్‌టీ 171.07. మొత్తం 7,184.74, రౌండాఫ్ 26 పైసలు కలిపి 7,185. బిల్లుతో సరిపోయింది.

లెక్కలకి దొరకని రెండు కాలమ్స్

ఇక్కడితో అయిపోయిందనుకుని షీట్ బాబాయికి పంపాను. సాయంత్రం ఫోన్. "ఏంట్రా, నిన్న వచ్చిన సరుకు ఈ ఆగస్టుకే ఎక్స్‌పైర్ అంటోంది? రిటర్న్ బాక్స్‌లో పెట్టేశాను."

బిల్లులో ఉన్నది 08/27, అంటే 2027 ఆగస్టు. నా షీట్ రీజియన్ అమెరికా సెట్టింగ్‌లో ఉంది, కాబట్టి అది ఈ ఏడాది ఆగస్టు 27 అయిపోయింది. బ్యాచ్ నంబర్ల సంగతీ అంతే. 23E05 అనే బ్యాచ్ 2.30E+06గా మారింది, ఎందుకంటే మధ్యలో E ఉన్న అంకెలని ఎక్సెల్ పెద్ద సంఖ్యగా అనుకుంటుంది. ఒకసారి అలా మారాక ఫార్మాట్‌ని Text చేసినా పాతది తిరిగి రాదు, లోపల 2300000 మాత్రమే మిగులుతుంది.

తప్పు నాదే. డబ్బు కాలమ్స్‌కి లెక్క సాక్ష్యం ఉంది, బ్యాచ్‌కి, ఎక్స్‌పైరీకి ఏ లెక్కా లేదు. ఈసారి మంచి సరుకు రిటర్న్ బాక్స్‌లోకి వెళ్లింది, తీసి ర్యాక్‌లో పెడితే సరిపోయింది. అదే మసక ప్రింట్‌లో 01/26 కాస్తా 01/28గా చదివి ఉంటే, కాలం చెల్లిన మందు ర్యాక్‌లోనే ఉండిపోయేది. ఏ ఫార్ములా చెప్పేది కాదు.

అందుకే ఇప్పుడు పద్ధతి మార్చాం. పేర్లు, క్వాంటిటీ, రేటు, అమౌంట్ ఫొటో నుంచి వస్తాయి, ఫార్ములాలు సరిచూస్తాయి. బ్యాచ్, ఎక్స్‌పైరీ కాలమ్స్‌ని ముందే Text ఫార్మాట్‌లో పెట్టి ఖాళీగా ఉంచుతాం. సరుకు సర్దేటప్పుడు బాబాయి స్ట్రిప్ మీద ఉన్నది చదువుతాడు, షాప్‌లో కుర్రాడు టైప్ చేస్తాడు. బిల్లు చూసి కాదు, స్ట్రిప్ చూసి. దాంతో బిల్లులో రాసిన బ్యాచే వచ్చిందా లేదా అన్నది కూడా అక్కడే తేలిపోతుంది.

14 ఐటమ్స్‌కి ఆ రెండు కాలమ్స్ చేత్తో కొట్టడం పెద్ద పనేం కాదు. మిగతా టైపింగ్ అంతా తప్పింది కదా.