జవాబులో మీరెక్కడ?

ఉద్యోగ దరఖాస్తుల్లో ఇప్పుడు తరచూ కనిపించే ప్రశ్న ఒకటుంది: "మీరు ఒక సమస్యను పరిష్కరించిన సందర్భం రాయండి." జవాబును నాలుగు భాగాలుగా రాయమంటారు. అప్పటి పరిస్థితి ఏమిటి, మీ మీద పడ్డ బాధ్యత ఏమిటి, మీరు ఏం చేశారు, దాని ఫలితం ఏమిటి. ఈ నాలుగింటి ఇంగ్లిష్ మొదటి అక్షరాలు కలిపితే స్టార్ అవుతుంది. అమెరికాకు చెందిన డీడీఐ అనే సంస్థ 1974లో దీన్ని వాడుకలోకి తెచ్చింది. బ్రిటన్ ప్రభుత్వ ఉద్యోగాల దరఖాస్తుల్లో ఇలాంటి జవాబుకు సాధారణంగా 250 పదాలే ఇస్తారు, 1 నుంచి 7 వరకు మార్కులు వేస్తారు. హైదరాబాద్‌లోని బహుళజాతి కంపెనీల ఇంటర్వ్యూల్లోనూ ఇదే పద్ధతి నడుస్తోంది.

ఇలాంటి జవాబులను పంపేముందు ఎవరో ఒకరికి చూపించుకుంటారు. చూసేవాళ్లు ఎక్కువగా భాష దిద్దుతారు, అక్షర దోషాలు సరిచేస్తారు. అసలు లోపం వేరేచోట ఉంటుంది. నాలుగు భాగాలూ చక్కగా ఉంటాయి, కథ సాఫీగా సాగుతుంది, రాసిన మనిషి మాత్రం అందులో ఉండరు. ఆ లోపాన్ని ఎలా పట్టుకోవాలో ఒక నమూనా జవాబుతో చూద్దాం. రక్త పరీక్షల ల్యాబ్‌లో శాంపిల్ సేకరణ విభాగాన్ని చూసే యువతి రాసిందనుకోండి.

"మా ల్యాబ్‌లో ఉదయం ఇచ్చిన రక్త పరీక్షల రిపోర్టులు సాయంత్రానికి గానీ వచ్చేవి కావు. పేషెంట్లు కౌంటర్ దగ్గర గొడవపడేవారు. డాక్టర్ల నుంచి కూడా ఫిర్యాదులు వచ్చాయి. ఆలస్యం తగ్గించమని మేనేజ్‌మెంట్ మా టీమ్‌కు చెప్పింది. మేమంతా కలిసి చర్చించి ప్రక్రియను పరిశీలించాం. లోపాలు గుర్తించడం జరిగింది. కొత్త విధానం తెచ్చాం. నేను అందరితో సమన్వయం చేశాను. రెండు నెలల్లో రిపోర్టులు మధ్యాహ్నం 2 గంటలకల్లా రావడం మొదలైంది."

చదవడానికి తప్పేమీ లేదు. పెన్సిల్ తీసుకుని మూడో భాగంలోని క్రియల కింద మాత్రమే గీత గీయండి. చర్చించాం, పరిశీలించాం, గుర్తించడం జరిగింది, తెచ్చాం, సమన్వయం చేశాను. ఒక్కోదాని పక్కన "ఎవరు?" అని రాసి, జవాబులో సమాధానం ఉందేమో వెతకండి. మొదటి రెండూ, నాలుగోదీ టీమ్‌వి. మూడోది ఎవరిదో తెలియదు. "జరిగింది" అన్న చోటల్లా చేసిన మనిషి మాయమైపోతారు, ఆఫీసు ఉత్తరాలు రాసి రాసి మనకు ఇది అలవాటైపోయింది. ఐదోదానిలో "నేను" ఉంది కాబట్టి సరిపోయిందనిపిస్తుంది. కానీ సమన్వయం అంటే ఆమె ఏం చేసినట్టు? ఫోన్ చేసిందా, మీటింగ్ పెట్టిందా, ఇద్దరి మధ్య తగువు తీర్చిందా? కళ్లకు కట్టని క్రియ ముందు "నేను" పెట్టినా లాభం లేదు. సహకరించాను, పాల్గొన్నాను, పర్యవేక్షించాను అన్నవీ ఈ కోవలోవే.

ఇంకో పరీక్ష కూడా పెట్టాలి. ఈ జవాబు కింద అదే టీమ్‌లోని ఇంకొకరి సంతకం పెడితే చెల్లుతుందా? ఇక్కడ చెల్లుతుంది. కౌంటర్ క్లర్కు పెట్టినా, మెషిన్ నడిపే టెక్నీషియన్ పెట్టినా ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. మార్కులు వేసేవాళ్లకు ఈమె గురించి ఏమీ తెలియలేదన్నమాట.

లోపం బయటపడేది మూడో భాగంలోనే అయినా, మొలిచింది చాలాసార్లు రెండో భాగంలో. "మా టీమ్‌కు చెప్పింది" అని రాయగానే బాధ్యత అందరిదీ అయిపోయింది. అందుకే అడగాల్సిన మొదటి ప్రశ్న: "అందులో మీ వంతుకు వచ్చిన పనేంటమ్మా?" ఆమె చెబుతుంది: "రక్తం తీసిన దగ్గర్నుంచి మెషిన్ దాకా ట్యూబ్ చేరడం నా బాధ్యత సార్." ఆ తర్వాత: "ఆలస్యం ఎక్కడుందని మీకెలా తెలిసింది?" ఇక్కడ అసలు కథ బయటికొస్తుంది.

ఆమె వారం రోజులపాటు ట్యూబులు ఏ గంటకు ఎక్కడున్నాయో పుస్తకంలో రాసుకుంది. ట్యూబులన్నీ ఒకే స్టాండులో పెట్టి, అది నిండాకే లోపలికి పంపుతున్నారు. సీరం పరీక్షల ట్యూబుల్లో రక్తం గడ్డకట్టడానికి అరగంట దాకా ఆగాలి, తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాలి. రక్తకణాల లెక్క చూసే ఊదారంగు మూత ట్యూబులకు ఈ రెండూ అక్కర్లేదు, నేరుగా మెషిన్‌కు వెళ్లొచ్చు. అవీ మిగతావాటితో పాటే స్టాండులో ఎదురుచూస్తున్నాయి. ఊదామూత ట్యూబులకు వేరే స్టాండు పెట్టి, నిండినా నిండకపోయినా 20 నిమిషాలకోసారి పంపుదామని ఆమె ప్రతిపాదించింది. అన్నిసార్లు వస్తే పని చెదిరిపోతుందని లోపలి టెక్నీషియన్ ఒప్పుకోలేదు. ఉదయం షిఫ్టులో పది రోజులు మాత్రమే చేసి చూద్దామని ఆమె ఒప్పించింది. బార్‌కోడ్ సాఫ్ట్‌వేర్‌లో మార్పు కూడా అప్పుడే జరిగింది, అయితే ఆ పని ఐటీ విభాగానిది.

ఇంత సరుకు ఉంచుకుని ఆమె రాసింది "లోపాలు గుర్తించడం జరిగింది" అని. కారణం వినయం కావచ్చు, "నేను" అంటే గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుందన్న జంకు కావచ్చు. ఇప్పుడు అదే భాగం ఇలా మారుతుంది:

"శాంపిల్ మెషిన్ దాకా చేరే సమయం తగ్గించడం నా బాధ్యత. వారం పాటు ప్రతి దశలో సమయం నమోదు చేశాను. రక్తకణాల పరీక్ష ట్యూబులు అనవసరంగా ఆగుతున్నాయని గమనించాను. వాటిని విడిగా 20 నిమిషాలకోసారి పంపాలని ప్రతిపాదించాను. టెక్నీషియన్‌కు అభ్యంతరం ఉండటంతో ఒక షిఫ్టులో పది రోజుల ప్రయోగానికి ఒప్పించాను. అదే సమయంలో ఐటీ విభాగం బార్‌కోడ్ నమోదును వేగవంతం చేసింది."

చివరి వాక్యం తీసేయాలని చాలామందికి అనిపిస్తుంది. తీయకూడదు. పక్కవాళ్ల పని పక్కవాళ్లదని చెప్పినప్పుడే మీ పని మీదని నమ్మకం కుదురుతుంది. "మేము" ఉన్న చోటల్లా "నేను" పెట్టేయడం ఇంకా పెద్ద పొరపాటు. "సాఫ్ట్‌వేర్ నేనే మార్చాను" అని రాస్తే, ముఖాముఖిలో "ఏ స్క్రీన్‌లో ఏం మార్చారు?" అన్న ఒక్క ప్రశ్నకు మొత్తం జవాబు కూలిపోతుంది. అందుకే దిద్దాక ప్రతి "నేను" మీదా "ఎలా?" అని రెండుసార్లు అడిగి చూడాలి. రెండోసారికి తడబడితే ఆ వాక్యం తగ్గించి రాయాలి.

ఫలితంలోనూ ఈ పంపకం కావాలి. రిపోర్టులు 2 గంటలకల్లా రావడం అందరి ఫలితం. ఊదామూత ట్యూబుల నిరీక్షణ ఎంత తగ్గిందన్నది ఆమె ఫలితం. ఆమె పుస్తకంలో అంకెలున్నాయి కాబట్టి రెండూ విడివిడిగా రాయొచ్చు. పదాల పరిమితి అడ్డొస్తే మొదటి భాగంలోని గొడవలు, ఫిర్యాదులు ఒక్క వాక్యానికి కుదించండి. మార్కులు మూడో భాగానికే ఎక్కువ.

ఒక్కోసారి ఎంత అడిగినా అభ్యర్థి సొంత నిర్ణయం ఒక్కటీ దొరకదు. పైవాళ్లు చెప్పింది చేశారు, అంతే. అప్పుడు ఆ సందర్భాన్ని వదిలేసి, చిన్నదైనా తాను తేల్చిన పని ఇంకొకటి ఎంచుకోమనాలి.

దిద్దేవాళ్లకు ఒక మనవి. ఖాళీ కనిపించిన చోట మీ ఊహతో వాక్యం పూరించకండి. అక్కడ మార్జిన్‌లో ప్రశ్న రాసి కాగితం తిరిగి ఇవ్వండి. జవాబు వాళ్లనే రాయనివ్వండి.