వేలికి అంటుకునే అక్షరాలు

జెరాక్స్ షాపులో అఫిడవిట్ తీయించుకుని మడతపెట్టి జేబులో పెట్టుకుంటాం. ఆఫీసులో విప్పేసరికి మడత దగ్గర అక్షరాలు సగం లేవు, వేళ్లకు నల్లటి పొడి. అందరి అనుమానమూ ముందు కార్ట్రిడ్జ్ మీదికే పోతుంది. రీఫిల్ పొడి నాసిరకమని, కొత్తది వేయాలని అంటారు. అది నిజమయ్యే సందర్భాలూ ఉన్నాయి. మిషన్‌కు తగని పొడి ఆ మిషన్ ఇచ్చే వేడికి సరిగా కరగదు. అయితే వానాకాలంలో ఈ ఇబ్బంది మొదలైతే, నేనైతే ముందు ట్రేలోని కాగితాన్ని చేత్తో పట్టుకుని చూస్తాను.

లేజర్ ప్రింటర్‌లో ఇంకు లేదు కాబట్టి ఆరడమన్న మాటే లేదు. టోనర్ రంగు కలిపిన ప్లాస్టిక్ పొడి. విద్యుదావేశం దాన్ని అక్షరాల ఆకారంలో కాగితం మీదికి చేరుస్తుందే తప్ప గట్టిగా పట్టి ఉంచలేదు. ఆ పని ఫ్యూజర్‌ది. దాదాపు 180 నుంచి 200 డిగ్రీల వేడి మీదుండే రోలర్‌కీ, కింద నుంచి అదిమే రబ్బరు రోలర్‌కీ మధ్యగా కాగితం వెళుతుంది. అప్పుడు పొడి కరిగి కాగితపు పీచుల్లోకి దిగి, బయటికొచ్చాక గట్టిపడుతుంది. కాగితంలోని ఏ చోటైనా ఆ రెండింటి మధ్య ఉండేది సెకనులో పదో వంతు కూడా కాదు. ఆ కాస్త వ్యవధిలో అందిన వేడి చాలకపోతే పొడి పైపైన మెత్తబడి, కాగితం మీద కూర్చుంటుంది. గోటితో గీస్తే లేచిపోతుంది.

మరి ఆ వేడి ఎటు పోయింది? 75 జీఎస్ఎం ఏ4 కాగితం ఒక్కటి తూస్తే 4.7 గ్రాములుంటుంది. కొత్త కట్టలో దాదాపు 5 శాతం తేమ ఉందనుకుంటే, అది పావు గ్రాముకు కాస్త తక్కువ. కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లో, జులైలో, కట్ట విప్పి రోజుల తరబడి వదిలేస్తే ఆ తేమ రెట్టింపు కావచ్చు. అదనంగా చేరిన పావు గ్రాము నీటిని పూర్తిగా ఆవిరి చేయడానికి 500 జౌళ్లకు పైగా వేడి కావాలి. పొడి కాగితాన్ని 30 డిగ్రీల నుంచి 100కి తేవడానికి 400 చాలు. అంత తక్కువ సమయంలో నీరంతా ఆవిరి కాదు, నిజమే. అయినా టోనర్‌కు అందాల్సిన వేడిలో పెద్ద వాటా నీటికే పోతుందని ఈ లెక్కతో తెలిసిపోతుంది. కాగితం బయటికొచ్చే చోట తెల్లటి ఆవిరి లేచినప్పుడు పొగనుకుని మిషన్ ఆపేసేవాళ్లున్నారు. అది కాగితంలోని నీరే.

తప్పు కాగితానిదా, ఫ్యూజర్‌దా తేల్చుకోవడం కష్టం కాదు. అప్పుడే విప్పిన కట్టలోంచి ఒక కాగితం, ట్రేలోంచి ఒకటి తీసుకుని ఒకే పేజీ ముద్రించి, చల్లారాక రెండింటినీ వేలితో ఒకేలా రుద్దండి. కొత్తది నిలిచి పాతది చెరిగితే తేమే కారణం. రెండూ చెరిగితే చూపు ఫ్యూజర్ మీదికి మళ్లాలి. పేజీలో ఒక పక్క మాత్రమే, నిలువుగా ఒకే వరుసలో రాలుతుంటే ఫ్యూజర్ ఫిల్మ్ చిరిగిందనో, రబ్బరు రోలర్ అరిగి ఆ పక్క ఒత్తిడి తగ్గిందనో అనుమానించాలి. ఉదయం మొదటి ఒకటి రెండు పేజీలే చెరిగి తర్వాత బాగుంటే, అంతా ఇంకా వేడెక్కలేదన్నమాట.

మందపాటి కాగితంతో మరో చిక్కు ఉంది. 100 జీఎస్ఎం బాండ్ పేపర్ ఎక్కువ వేడిని తాగుతుంది. ప్రింటర్‌కు ఆ సంగతి తనంతట తాను తెలియదు, మామూలు కాగితమనే అనుకుని పని చేస్తుంది. ప్రింట్ విండోలోని Paper Typeలో Plain బదులు Thick లేదా Heavy అని ఉన్నది ఎంచుకుంటే వేడి పెంచుతుంది, లేదా కాగితాన్ని నెమ్మదిగా నడుపుతుంది. తడి కాగితానికీ తాత్కాలికంగా ఈ చిట్కా పనిచేస్తుంది. పని కాగానే మళ్లీ Plainకి మార్చాలి. వేడి మరీ ఎక్కువైతే కరిగిన టోనర్ రోలర్‌కే అంటుకుని, ఒక చుట్టు తిరిగాక పేజీలో కిందెక్కడో నీడలా పడుతుంది. పల్చటి కాగితాలైతే చుట్టుకుపోతాయి కూడా.

తడిసిన కట్టను ఎండలో పెడితే అంచులు ముందు ఆరి, మధ్యభాగం తడిగానే ఉండి, కాగితం అలలు తేలుతుంది. ఆ తర్వాత అది ప్రింటర్‌లో ఇరుక్కుంటుంది. అంతకంటే ఆ కట్టను చేతిరాతకు వాడుకుని, కొత్త కట్టను దాని రేపరులోనే, నేలకు ఎత్తుగా ఉంచి, ఆ రోజు పనికి కావలసినంతే ట్రేలో వేయడం మేలు. కొత్త కట్టకు చుట్టిన కవరు తేమను అడ్డుకునేలా చేసిందే, దాన్ని చింపి పారేయొద్దు. ఇప్పటికే తీసిన పత్రం చెరుగుతుంటే, కొత్తది తీయించుకోవడం మంచిది. తప్పనిసరైతే ఆ పత్రాన్నే ఖాళీ పేజీ ముద్రించేలా మరోసారి ప్రింటర్‌లోంచి పంపిస్తే రెండోసారి వేడి తగిలి చాలావరకు పట్టుకుంటుంది. ముందుగా వదులుగా ఉన్న పొడిని మెత్తగా దులిపి పంపాలి, లేకుంటే అది రోలర్లకు అంటుకుని తర్వాతి పేజీలపై మచ్చలు పెడుతుంది.